మాట ముందు, బొమ్మ తర్వాత: ఇంటర్వ్యూలు, పాత ఫుటేజీ కలిపి పది నిమిషాల డాక్యుమెంటరీ కట్టడం

దివిసీమ ఉప్పెన మీద పది నిమిషాల డాక్యుమెంటరీ చేయాలనుకుందాం. 1977 నవంబరు 19, శనివారం. తుపాను తీరం దాటింది, దాంతోపాటు సముద్రం మీటర్ల ఎత్తున లేచి కృష్ణా డెల్టా చివరి ఊళ్ళ మీద పడింది. కనీసం పది వేల మంది ప్రాణాలు పోయాయి. ఆ రోజు చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, కాబట్టి ఇంటర్వ్యూలు దొరుకుతాయి. ఫొటోలు, పేపర్లు, న్యూస్‌రీళ్ళు ఉన్నాయి, కాబట్టి పాత మెటీరియల్‌కీ లోటుండదు. ఇంత సరుకు ఉంటే సినిమా దానంతటదే కుదురుతుందనిపిస్తుంది. ఎడిటింగ్ టేబుల్ మీద కూర్చున్నాక అసలు చిక్కు బయటపడుతుంది. ఇంటర్వ్యూల్లో ఉన్నదంతా ఆ రాత్రి గురించి. ఆర్కైవ్‌లో ఉన్నదంతా ఆ తర్వాతి రోజుల గురించి.

ఆలోచిస్తే ఇది సహజమే. చీకట్లో, ఆ గాలిలో, ఆ ఊళ్ళలో కెమెరా ఎవరి దగ్గరుంది? హైదరాబాద్ దూరదర్శన్ మొదలైందే 1977 అక్టోబరులో, అప్పటికి కొన్ని వారాలే. ఫొటోగ్రాఫర్లు, న్యూస్‌రీల్ వాళ్ళు వచ్చేసరికి నీళ్ళు తీసేశాయి. వాళ్ళు తీయగలిగింది కూలిన ఇళ్ళు, ఒరిగిన చెట్లు, అన్నం పొట్లాల కోసం నిలబడ్డ జనం. అంటే ఈ సినిమాలో అతి ముఖ్యమైన ఘట్టానికి ఒక్క ఫ్రేము కూడా లేదు, ఎప్పటికీ దొరకదు. పాత సంఘటనల మీద తీసే డాక్యుమెంటరీల్లో చాలావాటికి ఇదే పరిస్థితి. కాబట్టి ఇంటర్వ్యూ ముక్కలు ఎలా ఎంచుకోవాలి, వాటిమీద ఏ దృశ్యం వేయాలి, ఎక్కడ ఏమీ వేయకూడదు అన్న మూడు నిర్ణయాలూ ఈ ఖాళీ చుట్టూనే తిరుగుతాయి.

ఉదాహరణగా ముగ్గురిని ఇంటర్వ్యూ చేశామనుకుందాం. నాగాయలంక వైపు చేపల వేటకు వెళ్ళిన ఒక పెద్దాయన. అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్న ఒకావిడ. అప్పట్లో అవనిగడ్డలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి. మనిషికి గంట చొప్పున మూడు గంటల మాటలు. ఉప్పెన నిజం. ఈ ముగ్గురూ, వాళ్ళ మాటలూ మాత్రం ఇక్కడ వివరించడానికి నేను అల్లుకున్నవి.

విషయం కాదు, ప్రశ్న కావాలి

‘దివిసీమ ఉప్పెన’ అనేది విషయం. విషయంతో పది నిమిషాలు కట్టలేం, ఎందుకంటే ఏ ముక్క పనికొస్తుందో, ఏది రాదో అది చెప్పదు. మూడు గంటల ఇంటర్వ్యూలో ప్రతి మాటా ఉప్పెన గురించే కదా. అదే ఒక ప్రశ్న పెట్టుకుంటే జల్లెడ దొరుకుతుంది. ‘తుపాను వస్తోందని రేడియోలో విన్నవాళ్ళు కూడా ఇల్లు వదిలి ఎందుకు కదల్లేదు?’ అన్నది అలాంటి ప్రశ్న. దీనికి మన ముగ్గురూ మూడు రకాల జవాబులు చెప్పగలరు. వేటకెళ్ళే పెద్దాయనకు గాలంటే భయం లేదు. ఆ పిల్లకు ఇంట్లో పెద్దవాళ్ళు ఏమనుకున్నారో గుర్తుంది. గుమాస్తాకు ఆఫీసుకు ఏ కబురు, ఎలా వచ్చిందో తెలుసు.

ఈ ప్రశ్నతో ఇంకో లాభం ఉంది. ఉప్పెన వచ్చిందని, వేలమంది పోయారని తెలుగువాళ్ళకు ముందే తెలుసు. ఏం జరిగిందన్న దాంట్లో సస్పెన్స్ లేదు. ఎందుకు కదల్లేదన్న దాంట్లో ఉంది. సహాయ శిబిరాలు, విరాళాలు, తర్వాత కట్టిన కాలనీలు అన్నీ గొప్ప విషయాలే, కానీ ఈ ప్రశ్నకు జవాబు కావు, అందుకని బయట ఉండిపోతాయి. తుపాను షెల్టర్లు మాత్రం లోపలికి వస్తాయి. ఎటు కదలాలన్న దానికి 1977 తర్వాత తీరం వెంబడి కట్టిన ఆ భవనాలే ఒక జవాబు.

ప్రశ్న ఇంటర్వ్యూలకు ముందే తెలిస్తే మంచిదే, కానీ చాలాసార్లు తెలియదు. టేపులోని మాటలు రాయించి చదివాకే తెలుస్తుంది. ముగ్గురూ అడక్కుండానే ఒకే చోటికి వచ్చి ఆగుతుంటే, ఆ చోటే ప్రశ్న.

కాగితం మీద ఎడిటింగ్

మూడు గంటల మాటలనూ అక్షరం పొల్లుపోకుండా రాయించడం మొదటి పని. నిమిషానికో, అరనిమిషానికో టైమ్‌కోడ్, అంటే ఆ మాట టేపులో ఎన్నో నిమిషం ఎన్నో సెకను దగ్గర ఉందో, పక్కన వేసుకోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటేసి నేరుగా టైమ్‌లైన్ మీద ముక్కలు కోయడం మొదలెడితే మొదటి అరగంటలో విన్న మంచి ముక్కే సినిమా అయిపోతుంది, మూడో గంటలో ఉన్న అసలు ముక్కను ఎవరూ వినరు. రాతప్రతి చదువుతూ గీతలు పెట్టుకోవాలి. తర్వాత గీత పెట్టిన ముక్కలను మళ్ళీ చెవులతో వినాలి, ఎందుకంటే కాగితం మీద అద్భుతంగా ఉన్న వాక్యం గొంతులో చప్పగా ఉండొచ్చు, కాగితం మీద ఏమీ లేని ‘ఏం చేస్తాం’ అన్న రెండు మాటలు గొంతులో నిలబడొచ్చు.

ఏ ముక్క పనికొస్తుంది? నేను పెట్టుకున్న లెక్క ఇది: వేరేవాళ్ళు కూడా చెప్పగలిగిన సమాచారమైతే ఆ ముక్క వద్దు. ‘1977 నవంబరు 19న పెద్ద తుపాను వచ్చింది, చాలామంది చనిపోయారు’ అని పెద్దాయన ఎంత బాగా చెప్పినా అది తెర మీద ఒక అక్షరాల కార్డు ఆరు సెకన్లలో చేసే పని. ఆయన మాత్రమే చెప్పగలిగింది కావాలి. ఆ సాయంత్రం ఆయన ఏం చూశాడు, ఏమనుకున్నాడు, ఏం చేశాడు. సమాచారం కార్డుకీ, వాయిస్ ఓవర్‌కీ వదిలేసి, అనుభవాన్నీ అభిప్రాయాన్నీ మనిషికి ఉంచాలి.

పది నిమిషాల సినిమాలో ఇంటర్వ్యూ మాటలు ఆరు నిమిషాలు దాటకుండా చూసుకుంటే ఊపిరాడుతుంది. మిగతా నాలుగు నిమిషాలు గాలి చప్పుడు, పేపరు కటింగు, మౌనం, నడిచే మనిషి. మూడు గంటల నుంచి ఆరు నిమిషాలంటే ముప్ఫై నిమిషాల మాటల్లో ఒక నిమిషం మిగలడం. ఆ నిష్పత్తి చూసి కంగారు పడక్కర్లేదు, మామూలే.

ఒక ముక్కను దగ్గరగా చూద్దాం

పెద్దాయన టేపులో 23వ నిమిషం దగ్గర ఇలా ఉందనుకోండి:

“అదేనండీ, ఇందాక చెప్పాను కదా, ఆ రోజు శనివారం. పొద్దుటినుంచీ గాలే. గాలంటే మాకు కొత్తేం కాదండి. మా తమ్ముడు అప్పుడు బందర్లో ఉన్నాడు, వాడు రావాల్సింది, బస్సుల్లేవు, ఆగిపోయాడు. సాయంత్రానికి ఇంటి కప్పు లేచిపోయింది. తాటాకు పోతే పోయిందిలే, రేపు కప్పుకుందాం అనుకున్నాం. నీళ్ళొస్తాయని ఎవరూ అనుకోలేదండి. గాలొస్తుందన్నారు గానీ, నీళ్ళొస్తాయని ఎవరు చెప్పారండీ?”

మన ప్రశ్నకు దాదాపు నేరుగా ఉన్న జవాబు ఇది. దీన్ని ఇలా కోయొచ్చు:

“పొద్దుటినుంచీ గాలే. గాలంటే మాకు కొత్తేం కాదండి. / సాయంత్రానికి ఇంటి కప్పు లేచిపోయింది. తాటాకు పోతే పోయిందిలే, రేపు కప్పుకుందాం అనుకున్నాం. నీళ్ళొస్తాయని ఎవరూ అనుకోలేదండి.”

మొదట్లో ఉన్న ‘ఇందాక చెప్పాను కదా’ పోయింది, ఎందుకంటే ప్రేక్షకుడు ఆ ‘ఇందాక’ వినలేదు. తమ్ముడి సంగతి పోయింది. అది నిజం, మనసుకు తగిలేది కూడా, కానీ బందరు బస్సుల వైపు వెళ్ళిన ఆలోచన మళ్ళీ ఇంటి కప్పు మీదికి రావడానికి సమయం పడుతుంది. ఒక ముక్కలో ఒకే ఆలోచన ఉండాలి. ఇక్కడ ఆ ఆలోచన ‘మాకు తెలిసిన ప్రమాదం గాలి ఒక్కటే’ అన్నది. ఏటవాలు గీత ఉన్న చోట మాత్రమే మాట అతికాం. అక్కడ బొమ్మలో పెద్దాయన తల ఒక్కసారిగా ఎగిరినట్టు కనిపిస్తుంది, దాన్ని ఏదో ఒక దృశ్యంతో కప్పాలి. చివరి వాక్యానికి ముందు అతుకు లేదు, కాబట్టి అక్కడ కప్పాల్సిన పనీ లేదు. ‘నీళ్ళొస్తాయని ఎవరూ అనుకోలేదండి’ అన్నప్పుడు ఆయన ముఖమే ఉండాలి.

మరి ఆఖరి ప్రశ్న, ‘నీళ్ళొస్తాయని ఎవరు చెప్పారండీ?’ అన్నదాని సంగతేంటి? నిజానికి అన్నిటికన్నా పదునైన వాక్యం అదే. కానీ అది ఒక ఆరోపణ కూడా. దాన్ని ఉంచితే సినిమా మీద ఒక బాధ్యత పడుతుంది: ఆ రెండు మూడు రోజుల వాతావరణ బులెటిన్లలో ఏముందో, పేపర్లో ఏం అచ్చయిందో వెతికి చూపించాలి, గుమాస్తాను ఆ మాట మీద అడగాలి. ఆ పని చేయడానికి సిద్ధంగా ఉంటే ఇది సినిమాను మలుపు తిప్పే వాక్యం, దీన్ని ఇక్కడ ఖర్చు చేయకుండా దాచి రెండో భాగం మొదట్లో వాడుకోవాలి. సిద్ధంగా లేకపోతే తీసేయాలి. చెక్ చేయని ఆరోపణను బాగుంది కదా అని వదిలేయడం పెద్దాయనకీ మంచిది కాదు, చూసేవాళ్ళకీ మంచిది కాదు.

ఇక్కడే తెలుగు ఎడిటర్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే సంగతి ఒకటి చెప్పాలి. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది, అవునో కాదో కూడా ఆ చివర్లోనే తేలుతుంది. ‘ఆఫీసు నుంచి మనుషులొచ్చి ఊరంతా తిరిగి చెప్పారని కొందరంటారు గానీ మా వీధికి ఎవరూ రాలేదు’ అన్న వాక్యాన్ని మధ్యలో ఎక్కడ కోసినా అర్థం తలకిందులవుతుంది. ఇంగ్లీషు ఇంటర్వ్యూల్లో సగం వాక్యం దగ్గర ఆపి మిగతాది వదిలేసే వెసులుబాటు చాలాసార్లు ఉంటుంది, మనకు తక్కువ. కాబట్టి తెలుగు ముక్కలు కాస్త పొడుగ్గానే ఉంటాయి, వాటిని తల దగ్గర కోయాలి తప్ప తోక దగ్గర కాదు. పైగా మాట చివర వచ్చే ‘అండి’, ‘కదా’, ‘అన్నమాట’ కాగితం మీద అనవసరంగా కనిపిస్తాయి, కొట్టేయాలనిపిస్తుంది. కానీ గొంతు దిగేది అక్కడే. ‘ఎవరూ అనుకోలేదు’ దగ్గర కోసి ‘అండి’ తీసేస్తే గొంతు గాల్లో వేలాడుతుంది, ఏదో చెప్పబోతుంటే నోరు నొక్కినట్టు వినిపిస్తుంది. కత్తిరింపు బాగా కుదరలేదని చూసేవాళ్ళకు తెలిసిపోయేది సాధారణంగా ఇలాంటి చోటే.

ఇంకొకటి, మనం మాట్లాడేటప్పుడు కర్తను వదిలేస్తాం. ‘వచ్చి చెప్పాడు, వెళ్ళిపోయాడు.’ ఎవరు? ఇంటర్వ్యూ చేసేవాళ్ళకు తెలుసు, ప్రేక్షకుడికి తెలియదు. దీన్ని షూటింగ్‌లోనే సరిచేసుకోవడం తేలిక. ‘ఎవరు బాబాయ్?’ అని ఆయన పూర్తి చేసేదాకా ఆగి అడిగితే మళ్ళీ పేరు పెట్టి చెప్తాడు. ఎడిటింగ్‌లోకి వచ్చాక గుర్తొస్తే, ముందు ముక్కలో ఇంకొకరి చేత ఆ మనిషి ప్రస్తావన తెప్పించుకోవాలి.

ముందు రేడియో

ఎంచుకున్న ముక్కలన్నిటినీ వరసలో పెట్టి, బొమ్మ గురించి అసలు ఆలోచించకుండా, కేవలం వినడానికి ఒక కూర్పు చేయాలి. ఎడిటర్లు దీన్ని రేడియో ఎడిట్ అంటారు. కళ్ళు మూసుకుని వినాలి. కథ అర్థమవుతోందా? ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తోందా? ఎక్కడ విసుగొచ్చింది? అలా విన్నప్పుడు కథ నడవకపోతే, దాని మీద ఎంత అందమైన దృశ్యం వేసినా నడవదు. డ్రోన్ షాట్లు ఈ జబ్బును నయం చేయవు, కాసేపు కనపడనీయవంతే.

వరస ఎలా ఉండాలి? మన సినిమా ఇలా తేలిందనుకుందాం. మొదటి నిమిషంలోపే పెద్దాయన ‘గాలంటే మాకు కొత్తేం కాదండి’ అనేస్తాడు. రెండు మూడు నిమిషాల వరకూ ఆ పగలు: రేడియో, గాలి, ఎగిరిపోయిన కప్పు, ఆఫీసులో గుమాస్తా. మధ్యలో రాత్రి, రెండున్నర నిమిషాలు. ఆ తర్వాత తెల్లవారింది, ఇక్కడే మొదటిసారి ఆర్కైవ్ వస్తుంది. ఆ తర్వాత ‘ఎవరు చెప్పారండీ’ అన్న ప్రశ్న, బులెటిన్లు, గుమాస్తా జవాబు. చివర షెల్టరు దగ్గర ఆవిడ.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఆర్కైవ్‌ను సగం సినిమా దాకా ఆపడం. చేతిలో ఉంది కదా అని మొదటి షాట్‌లోనే కూలిన ఊళ్ళు చూపిస్తే, ఆ పగటి పూట మాటలకు విలువుండదు. తాటాకు రేపు కప్పుకుందాం అనుకున్న మనిషి అమాయకుడిగా కనిపిస్తాడు. అతనికి తెలిసినంతే ప్రేక్షకుడికీ తెలిసినట్టు నడిపిస్తే, ఆ నిర్ణయం ఎంత మామూలు నిర్ణయమో అర్థమవుతుంది.

ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరుగా పూర్తిగా వినిపించకూడదు. మూడు చిన్న సినిమాలు అయిపోతాయి. ఒకరి మాట ఇంకొకరి మాటకు జవాబుగానో, ఎదురుగానో పడాలి. గుమాస్తా ‘వైర్‌లెస్‌లో కబురొచ్చింది, ఊళ్ళకు మనిషిని పంపాం’ అంటాడు. వెంటనే ఆవిడ, ‘మా నాన్న రేడియో పక్కనే కూర్చున్నాడు, బ్యాటరీ అయిపోయింది’ అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరమే మన ప్రశ్నకు జవాబు, దాన్ని వివరించే వాయిస్ ఓవర్ అవసరం లేదు.

ఇప్పుడు కప్పడం

బీ-రోల్ అంటే మాట్లాడే ముఖం మీద పరిచే మిగతా దృశ్యాలన్నీ. అది రెండు పనులు చేస్తుంది. ఒకటి, అతుకులను దాచడం. రెండోది, మాటకు ఏదో ఒకటి కలపడం. మొదటి పని కోసమే వాడితే గోడకు కాగితం అంటించినట్టుంటుంది, మాట ఒక దారిన, బొమ్మ ఒక దారిన పోతుంటాయి. పెద్దాయన ఉప్పెన గురించి చెబుతుంటే తెర మీద సూర్యోదయం, కొంగలు, వల విసిరే జాలరి. అందంగానే ఉంటుంది, కానీ ఏ సినిమాలో వేసినా సరిపోతుంది. అదే దాని లోపం.

రేడియో ఎడిట్ అయ్యాకే బీ-రోల్ తీయడానికి రెండోసారి ఊరు వెళ్ళాలని నేను గట్టిగా చెప్తాను. ఏ మాట మీద అతుకు ఉందో, ఎన్ని సెకన్లు కప్పాలో అప్పటికి తెలిసిపోతుంది. పైన కోసిన ముక్కే తీసుకోండి. ‘కొత్తేం కాదండి’కీ ‘సాయంత్రానికి’కీ మధ్య అతుకు. అక్కడ ఏడెనిమిది సెకన్లు కావాలి. ఏం వేయాలి? ఎగిరే కప్పు మనకు దొరకదు. ఇంకో తుపాను ఫుటేజీ పెడితే అబద్ధం. కానీ ఈ రోజు ఆ ఊళ్ళో ఒక పాక మీద తాటాకు కప్పుతున్న చేతులు ఉండొచ్చు. ఆకును మడిచి, వెదురుకు ఆనించి, తాడు బిగిస్తున్న చేతులు దగ్గరగా ఒక షాట్, కింద నుంచి ఆకు అందిస్తున్న మనిషి ఒక షాట్, దూరం నుంచి కప్పు సగం పూర్తయిన ఇల్లు ఒక షాట్. ఒక్కో షాట్‌ను షూటింగ్‌లో కనీసం పది సెకన్లు కదలకుండా పట్టుకుంటే ఎడిటింగ్‌లో మూడు నాలుగు సెకన్లు బాగా వస్తాయి. ఇది ‘తాటాకు పోతే పోయిందిలే’ అన్న మాటను బొమ్మ గీసి చూపించడం లేదు. కప్పు వేయడం ఆ ఊరికి ఎంత మామూలు పనో చూపిస్తోంది. దాంతో ‘రేపు కప్పుకుందాం’ అన్న మాటకు బరువొస్తుంది.

మొదటి తాటాకు షాట్ ‘కొత్తేం కాదండి’ పూర్తయ్యేలోపే మొదలవ్వాలి, చివరి షాట్ ‘రేపు కప్పుకుందాం’ మధ్యలో ముగిసి ముఖం మీదికి రావాలి. మాటా బొమ్మా ఒకే క్షణంలో మారితే కోత కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. బొమ్మ కాస్త ముందో వెనకో మారితే చూసేవాడి దృష్టి మాట మీదే నిలుస్తుంది.

ఏది కప్పకూడదన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. మనిషి మొదటిసారి కనిపించినప్పుడు నాలుగైదు సెకన్లయినా ముఖం ఉండాలి, పేరు చదువుకోవాలి, గొంతును ముఖంతో కలుపుకోవాలి. ఆలోచిస్తూ ఆగినప్పుడు ముఖం ఉండాలి. మాట చెప్పేసి కళ్ళు కిందికి దించుకున్న ఆ రెండు మూడు సెకన్లను చాలామంది ఎడిటర్లు ఖాళీ అనుకుని కోసేస్తారు. చాలాసార్లు ఆ ముక్కలో అసలు విషయం అక్కడే ఉంటుంది.

ఇక మన రాత్రి. రెండున్నర నిమిషాలు, ఒక్క ఫ్రేము లేదు. కొందరు దీన్ని నటులతో తీస్తారు, కొందరు యానిమేషన్ చేయిస్తారు, చాలామంది యూట్యూబ్‌లో దొరికిన ఏదో సునామీ క్లిప్పు పెట్టేస్తారు. చివరిది మాత్రం చేయకండి. 1977 అని చెబుతూ 1990 తుపానో, హుద్‌హుదో చూపిస్తే ఒక్కరు గుర్తుపట్టినా చాలు, మిగతా నిజమైన ఫుటేజీని కూడా ఎవరూ నమ్మరు. కరెంటు స్తంభం రకం, బస్సు మోడల్, జనం బట్టలు, వీడియో రంగు, ఇలాంటివే పట్టిస్తాయి. నా అభిప్రాయంలో ఆ రాత్రిని కప్పకుండా వదిలేయడమే మేలు. ముఖాలు, గొంతులు. ముగ్గురి మాటలూ మారుతూ ఉంటాయి కాబట్టి ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్ళినప్పుడు అతుకు కనపడదు. ఒకరి మాటలోనే అతుకు తప్పనిసరైతే, ఇంటర్వ్యూ 4కేలో తీసి ఉంటే హెచ్‌డీ టైమ్‌లైన్‌లో అదే షాట్‌ను దగ్గరికి లాగి వాడుకోవచ్చు, వేరే కోణంలా అనిపిస్తుంది. లేదా రెండు సెకన్లు నల్ల తెర. సినిమా అంతా దృశ్యాలతో కప్పుకుంటూ వచ్చి, ఇక్కడ ఒక్కసారిగా ఆపేస్తే, చూపించడానికి ఏమీ మిగల్లేదన్న సంగతి ప్రేక్షకుడికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

తెల్లవారాక ఆర్కైవ్

ఇంతసేపు ఆపిన పాత ఫుటేజీ ఇప్పుడొస్తుంది. వచ్చినప్పుడు దాని మీద మాట వెంటనే పరచకండి. మొదటి షాట్లకు కొన్ని సెకన్లు మాటల్లేకుండా చూడనివ్వాలి. ప్రేక్షకుడు ఇప్పటికే ఆ ఇంటి కప్పు గురించి విన్నాడు. మోడులైన తాటిచెట్లను చూడగానే తనే కలుపుకుంటాడు.

ఆర్కైవ్ అతుకులు దాచడానికి వాడే గుడ్డ కాదు. అది సాక్ష్యం. ‘మా ఊళ్ళో ఒక్క ఇల్లు కూడా నిలబడలేదు’ అని ఆవిడ అంటున్నప్పుడు వేరే ఊరి ఫొటో వేస్తే, ప్రేక్షకుడు అది ఆవిడ ఊరే అనుకుంటాడు. ఫొటో ఎక్కడిదో తెలిస్తే ఊరు పేరు, తేదీ మూలన వేయాలి. తెలియకపోతే ప్రత్యేకంగా ఒక ఊరి గురించి చెప్పే మాట మీద వేయకూడదు, మొత్తం ప్రాంతం గురించి చెప్పే చోట వాడుకోవాలి. శవాలున్న ఫొటోలు ఆ రోజుల నుంచి చాలానే ఉన్నాయి. ముఖం గుర్తుపట్టేలా ఉన్నదాన్ని నేను వాడను. ఆ కుటుంబం వాళ్ళు ఈ సినిమా చూసే అవకాశం నిజంగా ఉంది.

సాంకేతికంగా రెండు మాటలు చాలు. పాత ఫిల్ము ఫ్రేము దాదాపు చదరానికి దగ్గరగా ఉంటుంది, మన తెర వెడల్పు. అటూ ఇటూ నల్ల పట్టీలు వదిలేయండి. సాగదీస్తే మనుషులు పొట్టిగా లావుగా అయిపోతారు, పైనా కిందా కోస్తే తలలు పోతాయి. ఫొటోలు స్కాన్ చేసేటప్పుడు హెచ్‌డీ తెర వెడల్పు 1920 పిక్సెళ్ళు కాబట్టి, మెల్లగా దగ్గరికి వెళ్ళే కదలిక పెట్టాలనుకుంటే అంతకు రెట్టింపు వెడల్పుతో స్కాన్ చేయించుకోవాలి, లేకపోతే మధ్యలో బొమ్మ మసకేస్తుంది. ఆ కదలికకు కూడా కారణం ఉండాలి. ఫొటోలో ఒక మనిషి వైపు వెళ్తున్నారంటే ఆ మనిషి గురించే మాట వస్తుండాలి.

శబ్దం దగ్గర ఒక నిర్ణయం తీసుకోవాలి. పాత ఫుటేజీ చాలావరకు మూగగా ఉంటుంది, లేదా గంభీరమైన న్యూస్‌రీల్ వ్యాఖ్యానంతో ఉంటుంది. ఆ వ్యాఖ్యానం కూడా ఒక పాత్రే, అప్పటి ప్రభుత్వం ఈ సంఘటనను ఎలా చెప్పిందో అది చెబుతుంది. వాడితే ఒక వాక్యమైనా పూర్తిగా వినిపించాలి. పెద్దాయన గొంతు కింద దాన్ని సన్నగా నడిపిస్తే రెండూ అర్థం కావు. మూగ ఫుటేజీకి సన్నటి గాలి చప్పుడు కలపడం వరకు నాకు అభ్యంతరం లేదు. ఏడుపులు, కేకలు కలిపితే మాత్రం ఆ సాక్ష్యాన్ని మనమే పాడు చేసినట్టు.

ఇంటర్వ్యూ మాటల కింద కూడా ఒక చప్పుడు ఉంటుంది: ఆ గది, ఫ్యాను, దూరంగా కోడి. అతుకు దగ్గర ఆ చప్పుడు తటాలున మారితే బొమ్మ ఎంత బాగా కప్పినా చెవికి దొరికిపోతుంది. అందుకని ప్రతి ఇంటర్వ్యూ అయ్యాక అందరినీ నిశ్శబ్దంగా కూర్చోబెట్టి ఒక నిమిషం ఖాళీ గది చప్పుడు రికార్డు చేసుకోవాలి. తర్వాత దాన్ని అతుకుల కింద పరిస్తే మాట ఏకబిగిన సాగినట్టు వినిపిస్తుంది.

కప్పే నేర్పు పెరిగేకొద్దీ ఒక ప్రమాదం కూడా పెరుగుతుంది. బొమ్మ కింద ఏ మాటనైనా ఏ మాటకైనా అతికించొచ్చు. 12వ నిమిషంలో అన్న సగం వాక్యాన్ని 48వ నిమిషంలో అన్న సగానికి కలిపి, ఆయన ఎన్నడూ అనని మాటను ఆయన గొంతుతోనే అనిపించొచ్చు. తాటాకు షాట్ కింద ఎవరికీ తెలియదు. దీనికి నేను పాటించే పద్ధతి సూటిగా ఉంటుంది: ఒకే జవాబులో మధ్య ముక్క తీయడం సరే, వేర్వేరు జవాబులను ఒకే వాక్యంగా కుట్టడం కాదు. రెండు జవాబులు పక్కపక్కన పెట్టాల్సి వస్తే మధ్యలో ముఖానికి రావాలి, లేదా ఇంకొకరి మాట పడాలి, అవి రెండు సందర్భాలని తెలిసేలా. కూర్పును ఇక మార్చకూడదని ఖాయం చేయడాన్ని పిక్చర్ లాక్ అంటారు. అది చేసేముందు ఆ ముగ్గురికీ వాళ్ళ వాళ్ళ భాగాలు వినిపించి, ‘మీరు చెప్పింది ఇదేనా’ అని అడగాలి. ‘అన్నాను గానీ, అలా కాదు’ అని ఎవరైనా అంటే ఆ అతుకు విప్పాల్సిందే.

హక్కుల పని చివరికి పెట్టుకున్నా, దాని లెక్క మొదటి నుంచే నడవాలి. మన చట్టం ప్రకారం సినిమా ఫిల్ముకు కాపీరైట్ విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు, అంటే 1977లో విడుదలైన న్యూస్‌రీల్‌కు 2037 చివరిదాకా. పాతది కదా, నెట్‌లో ఉంది కదా అంటే చెల్లదు. ప్రభుత్వ న్యూస్‌రీళ్ళు తీసిన ఫిల్మ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసింది కాబట్టి వాళ్ళ న్యూస్‌రీళ్ళ కోసం అడగాల్సింది అక్కడ. ఫొటోలకు పత్రికను, పత్రిక వదిలేస్తే ఫొటోగ్రాఫర్ కుటుంబాన్ని అడగాలి. ఆర్కైవ్‌లు మామూలుగా ఎన్ని సెకన్లు వాడారన్న దాన్ని బట్టి డబ్బు తీసుకుంటాయి, అందుకని వాటర్‌మార్క్ ఉన్న ప్రివ్యూ కాపీతోనే ఎడిటింగ్ అంతా చేసుకుని, పిక్చర్ లాక్ అయ్యాక ప్రతి క్లిప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో టైమ్‌కోడ్‌తో జాబితా రాసి, ఆ సెకన్లకు మాత్రమే మంచి కాపీ అడగాలి. లాక్ కాకముందే కొంటే, తర్వాత కత్తిరించిన ఫుటేజీకీ డబ్బు కట్టినట్టే. ఏదైనా క్లిప్పుకు అనుమతి రాకపోతే దాని స్థానంలో వేసేది ఏమిటో కూడా ఆ జాబితాలోనే పక్క గడిలో రాసుకుని ఉంచాలి.